క్రెడిట్ కార్డులో మినిమమ్ డ్యూ మాత్రమే కడితే బాకీ ఎందుకు పెరుగుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడి లెక్కలన్నీ భారతదేశంలో బ్యాంకులు ఇచ్చే క్రెడిట్ కార్డులవి. చాలా కార్డుల మీద వడ్డీ నెలకు 3.5 నుంచి 3.75 శాతం మధ్య ఉంటుంది. ఉదాహరణల్లో 3.5 శాతం, అంటే ఏడాదికి 42 శాతం తీసుకున్నాం. మీ కార్డు రేటు ఎంతో స్టేట్‌మెంట్ చివరి పేజీల్లోనో, కార్డుతో పాటు వచ్చిన Most Important Terms and Conditions పత్రంలోనో ఉంటుంది.

మినిమమ్ డ్యూ కడితే అసలు దేని నుంచి తప్పించుకుంటాం?

రెండింటి నుంచి. ఒకటి, లేట్ ఫీజు పడదు. రెండు, అప్పుల చరిత్ర నమోదు చేసే క్రెడిట్ బ్యూరోకు మీ ఖాతా బకాయి పడినట్టు వెళ్లదు. అంతవరకే. వడ్డీకీ మినిమమ్ డ్యూకీ సంబంధం లేదు. మినిమమ్ కట్టినా, దానికి రెట్టింపు కట్టినా, బిల్లు మొత్తం తీరనంత వరకు వడ్డీ నడుస్తూనే ఉంటుంది.

బిల్లు మీద Minimum Amount Due అని పెద్ద అక్షరాల్లో కనబడేసరికి చాలామంది "ఈ నెలకు ఇది కడితే సరిపోతుంది" అనుకుంటారు. సరిపోయేది లేట్ ఫీజు తప్పించుకోవడానికి మాత్రమే. మినిమమ్ మాత్రమే కడుతూ పోతే బాకీ తీరడానికి నెలలు, ఏళ్లు పడుతుందనీ, వడ్డీ మీద వడ్డీ పడుతుందనీ బిల్లులోనే హెచ్చరించాలని రిజర్వు బ్యాంకు నిబంధన. ఆ హెచ్చరిక మీ బిల్లులోనూ ఉంటుంది, ఒకసారి వెతికి చదవండి.

నేను డ్యూ డేట్ లోపలే కట్టాను. అయినా వడ్డీ ఏ రోజు నుంచి లెక్కిస్తారు?

కొన్న రోజు నుంచి. ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. కట్టకుండా మిగిల్చిన డబ్బు మీద డ్యూ డేట్ తర్వాతి నుంచే వడ్డీ పడుతుందని అనుకుంటారు.

కార్డు మీద దొరికే "45 రోజులు, 50 రోజులు వడ్డీ లేదు" అనే సౌకర్యం షరతుతో కూడినది. బిల్లులో ఉన్న Total Amount Due మొత్తాన్ని డ్యూ డేట్ లోపల కడితేనే అది వర్తిస్తుంది. ఒక్క భాగం మిగిల్చినా ఆ సౌకర్యం మొత్తం పోతుంది. అప్పుడు బ్యాంకు వెనక్కి వెళ్లి, ప్రతి కొనుగోలుకూ అది జరిగిన తేదీ నుంచి రోజువారీ వడ్డీ వేస్తుంది. లెక్క ఇది:

```
వడ్డీ = బాకీ × (నెల వడ్డీ శాతం × 12) × రోజులు ÷ 365
```

ఇలా వచ్చిన వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కలుస్తుంది.

ఒక బిల్లును వరసగా లెక్కగట్టి చూపించగలరా?

బిల్లు ప్రతి నెల 10న వస్తుందనీ, డ్యూ డేట్ 30 అనీ అనుకుందాం. జూన్ 14న బడి ఫీజు కోసం రూ.42,000 గీకారు. జూలై 2న ఇంటి సరుకులు, బట్టలు కలిపి రూ.18,000 అయింది. జూలై 10న వచ్చిన బిల్లు రూ.60,000. మినిమమ్ డ్యూ 5 శాతం చొప్పున రూ.3,000. జూలై 30న ఆ మూడు వేలు కట్టేశారు. ఇక కార్డు వాడలేదు.

ఆగస్టు 10 బిల్లులో వడ్డీ ఇలా వస్తుంది. బడి ఫీజు రూ.42,000 మీద జూన్ 14 నుంచి జూలై 29 వరకు 46 రోజులకు రూ.2,223. సరుకుల రూ.18,000 మీద జూలై 2 నుంచి 29 వరకు 28 రోజులకు రూ.580. మూడు వేలు కట్టాక మిగిలిన రూ.57,000 మీద జూలై 30 నుంచి ఆగస్టు 10 వరకు 12 రోజులకు రూ.787. మొత్తం వడ్డీ రూ.3,590. దాని మీద జీఎస్టీ రూ.646. రెండూ కలిపి రూ.4,236.

కొత్త బిల్లు రూ.61,236. పాత బిల్లు అరవై వేలు, మధ్యలో మీరు మూడు వేలు కట్టారు, కార్డు ముట్టుకోలేదు, అయినా బాకీ రూ.1,236 పెరిగింది. మొదటి నెల ఇంత గట్టిగా తగలడానికి కారణం వెనకటి తేదీల వడ్డీ. నెలన్నర వడ్డీ ఒకేసారి వచ్చి మీద పడుతుంది.

మధ్యలో చిన్నచిన్న కొనుగోళ్లు చేశాను. వాటికైనా వడ్డీ లేని గడువు ఉంటుంది కదా?

ఉండదు. పాత బాకీ మిగిలి ఉన్నంత కాలం కొత్తగా గీకిన ప్రతి రూపాయికీ గీకిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

పై ఉదాహరణలోనే జూలై 20న ఇంకో రూ.5,000 ఖర్చు పెట్టారనుకోండి. ఆగస్టు 10 వరకు 22 రోజులకు దాని మీద రూ.127 వడ్డీ. దీంతో మొత్తం వడ్డీ రూ.3,717, జీఎస్టీ రూ.669 అవుతాయి. ఆగస్టు బిల్లు రూ.66,386కు చేరుతుంది.

రూ.127 అంటే పెద్ద మొత్తంగా కనబడదు. కానీ పెట్రోలు, మందులు, కరెంటు బిల్లు, ఆన్‌లైన్ ఆర్డర్లు అన్నీ అదే కార్డు మీద నడిచే ఇంట్లో ప్రతి నెలా ఇదే జరుగుతుంది. రివార్డు పాయింట్లు వస్తాయని పాత బాకీ ఉన్న కార్డునే వాడుతుంటారు కొందరు. పాయింట్ల విలువ మామూలుగా ఖర్చులో ఒక శాతం చుట్టూ తిరుగుతుంది. వడ్డీ, జీఎస్టీ కలిపి నెలకు నాలుగు శాతం దాటుతుంది. ఆ పాయింట్ల వల్ల నష్టమే తప్ప లాభం లేదు.

రెండో నెల నుంచైనా బాకీ తగ్గుతుందా?

కార్డు పూర్తిగా పక్కన పెడితే తగ్గుతుంది, కానీ కంటికి ఆనదు. మన ఊళ్లలో వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెప్పుకుంటాం. ఆ లెక్కన కార్డు వడ్డీ మూడున్నర రూపాయలు, జీఎస్టీతో కలిపి నాలుగు రూపాయల పదమూడు పైసలు. రెండు రూపాయల వడ్డీకి నోటు రాయడానికే ఆలోచించేవాళ్లు కూడా కార్డు మీద అంతకు రెట్టింపు వడ్డీని ఏడాదంతా మోస్తుంటారు, అది బిల్లులో ఆ రూపంలో కనబడదు కాబట్టి.

నూటికి ఐదు రూపాయలు మినిమమ్ కడుతున్నారు. అందులో నాలుగు రూపాయలకు పైగా వడ్డీకీ పన్నుకీ పోతుంది. చాలా బ్యాంకులు మీరు కట్టిన డబ్బును ముందుగా పన్నులు, ఫీజులు, వడ్డీకి జమ చేసుకుని, మిగిలిందే అసలుకు వేస్తాయి. అసలు కిందికి వెళ్లేది ఒక రూపాయి లోపే.

లక్ష రూపాయల బాకీతో ఇది స్పష్టంగా కనబడుతుంది. కొత్త ఖర్చు ఏమీ లేకుండా, ప్రతి నెలా డ్యూ డేట్ నాడు ఐదు శాతం కట్టుకుంటూ పోతే ఏడాదిలో మీరు కట్టేది సుమారు రూ.57,000. ఏడాది తర్వాత బాకీ ఇంకా రూ.89,000 చుట్టుపక్కల ఉంటుంది. తగ్గింది పదకొండు వేలు. మిగతా నలభై ఆరు వేలు వడ్డీ, జీఎస్టీ.

ఇంకో సంగతి కూడా ఈ లెక్కలోనే ఉంది. లక్ష బాకీ మీద నెలకు అసలు తగ్గేది సుమారు రూ.940. అంటే ఆ కార్డు మీద నెలకు వెయ్యి రూపాయలు కొత్తగా వాడితే చాలు, బాకీ తగ్గడం ఆగిపోయి మెల్లగా పైకి కదులుతుంది. ప్రతి నెలా క్రమం తప్పకుండా కడుతున్నా బాకీ పెరుగుతోందని అనేవాళ్ల బిల్లుల్లో సాధారణంగా జరిగేది ఇదే.

రూ.60,000 బిల్లులో 55,000 కట్టేశాను. మిగిలిన ఐదు వేల మీదే కదా వడ్డీ?

కాదు. మొత్తం బిల్లు తీరలేదు కాబట్టి వడ్డీ లేని గడువు ఇక్కడా పోతుంది. జూలై 30న మీరు 55,000 కట్టేదాకా అరవై వేలూ బాకీగానే ఉన్నాయి. ఆ రోజుల వడ్డీ రూ.2,803, ఆ తర్వాత ఐదు వేల మీద 12 రోజులకు రూ.69. జీఎస్టీ కలిపితే రూ.3,389. ఐదు వేలు తక్కువ కట్టినందుకు వచ్చిన ఖర్చు అది.

కాబట్టి కొద్ది మొత్తమే తక్కువ పడుతున్నప్పుడు ఆ నెలకు ఎలాగైనా సర్దుకుని పూర్తిగా కట్టడం అన్నిటికన్నా లాభం. స్నేహితుల దగ్గరో, ఇంట్లోవాళ్ల దగ్గరో పది రోజులకు ఐదు వేలు చేబదులు తీసుకున్నా మూడు వేలు మిగులుతాయి. పైసలను వదిలేయకుండా, బిల్లులో ఉన్న అంకె ఎంతో అంతా కట్టాలి.

మినిమమ్ డ్యూ అన్ని బ్యాంకుల్లో ఐదు శాతమేనా? నాకు ఈ మధ్య ఎక్కువగా చూపిస్తోంది.

పద్ధతులు వేరువేరుగా ఉన్నాయి. బిల్లు మొత్తం మీద ఐదు శాతం తీసుకుని, దానికి ఈఎంఐలు, పాత నెల కట్టని మినిమమ్, లిమిట్ దాటిన మొత్తం కలపడం ఒక పద్ధతి. వడ్డీ, జీఎస్టీ, ఫీజులు, ఈఎంఐలు పూర్తిగా తీసుకుని, మిగిలిన అసలు మీద రెండు శాతమో, మరికొంతో కలపడం ఇంకో పద్ధతి.

2022 ఏప్రిల్ 21న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, మినిమమ్ కడుతున్నా బాకీ పెరిగిపోయే విధంగా మినిమమ్ డ్యూను లెక్కించకూడదు. కట్టని ఫీజులు, పన్నుల మీద వడ్డీ వేయకూడదని కూడా అందులో ఉంది. రెండో పద్ధతి ఈ ఉద్దేశానికి దగ్గరగా ఉంటుంది. మన ఉదాహరణలోని ఆగస్టు బిల్లు రూ.66,386కు మొదటి పద్ధతిలో మినిమమ్ సుమారు రూ.3,319. రెండో పద్ధతిలో వడ్డీ, జీఎస్టీ రూ.4,386, మిగిలిన 62,000 మీద రెండు శాతం రూ.1,240, మొత్తం రూ.5,626.

ఎక్కువ చూపించడం ఒక రకంగా మేలే. వడ్డీ మొత్తం అందులోనే తీరిపోతుంది. అయినా అసలులో తగ్గేది నెలకు రెండు శాతమే. కొత్త కొనుగోళ్లు అంతకు మించితే ఈ నిబంధన కూడా మిమ్మల్ని కాపాడలేదు, ఎందుకంటే అప్పుడు బాకీని పెంచుతున్నది వాడకం.

ఆటో పే పెట్టుకున్నాను. అయినా వడ్డీ ఎందుకు పడింది?

ఆటో పే పెట్టేటప్పుడు Total Amount Due, Minimum Amount Due అని రెండు ఎంపికలు వస్తాయి. చాలాసార్లు పొరపాటు అక్కడే జరిగి ఉంటుంది. ప్రతి నెలా ఖాతాలోంచి డబ్బు కట్ అయినట్టు మెసేజ్ వస్తుంది కాబట్టి బిల్లు తీరిందనే అనుకుంటారు. నెలలు గడిచాక లిమిట్ నిండిందని కార్డు పనిచేయకపోతే గానీ విషయం బయటపడదు.

ఇప్పుడే మీ బ్యాంకు యాప్‌లో ఆటో పే వివరాలు తెరిచి చూడండి. ఆటో పే ఉన్నా స్టేట్‌మెంట్‌లో Finance Charges లేదా Interest Charges అన్న వరుస ఉందేమో వెతకండి. అక్కడ సున్నా కాకుండా ఏ అంకె ఉన్నా మీరు వడ్డీ చక్రంలో ఉన్నట్టే. మెసేజ్ చూసి ఊరుకోవద్దు, స్టేట్‌మెంట్ పీడీఎఫ్ తెరవాల్సిందే.

బిల్లు మొత్తం కట్టేశాను, అయినా తర్వాతి నెల మళ్లీ వడ్డీ వచ్చింది. మోసమా?

మోసం కాదు. బిల్లు తయారైన రోజుకూ మీరు కట్టిన రోజుకూ మధ్య రోజుల వడ్డీ అది. ఆగస్టు 10న రూ.66,386 బిల్లు వచ్చింది. ఆగస్టు 30న మొత్తం కట్టారు. ఆగస్టు 11 నుంచి 29 వరకు 19 రోజులు అసలు రూ.62,000 బాకీగానే ఉంది. దాని మీద రూ.1,356 వడ్డీ, రూ.244 జీఎస్టీ కలిపి దాదాపు రూ.1,600 సెప్టెంబరు బిల్లులో వస్తుంది. అదీ కట్టేస్తే అక్కడితో ముగుస్తుంది. కొన్ని బ్యాంకులు వరసగా రెండు బిల్లులు పూర్తిగా కట్టాకే వడ్డీ లేని గడువును మళ్లీ ఇస్తాయి, అందుకే ఆ నెల్లో కార్డు వాడకుండా ఉండటం మంచిది.

దీంట్లోనే పనికొచ్చే సంగతి ఒకటుంది. వడ్డీ లేని గడువులో ఉన్నప్పుడు డ్యూ డేట్ దాకా ఆగడం తెలివైన పని. బాకీ మోస్తున్నప్పుడు మాత్రం ఆగిన ప్రతి రోజుకూ ఖర్చే. ఈ ఉదాహరణలో రోజుకు రూ.84. ఆగస్టు 30 బదులు 12న కట్టి ఉంటే పదిహేను వందలు మిగిలేవి. డబ్బు విడతలుగా చేతికొస్తే విడతలుగానే కట్టండి, డ్యూ డేట్ కోసం చూడొద్దు.

ఒకేసారి కట్టే డబ్బు లేదు. అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో ఎలా బయటపడాలి?

ముందు ఆ కార్డు వాడకం ఆపండి. దానికి జోడించిన యాప్‌ల నెలవారీ చందాలు, యూపీఐలో లింక్ చేసిన రూపే కార్డు, ఆన్‌లైన్ షాపుల్లో దాచిన కార్డు వివరాలు అన్నీ తీసేయండి. ఇది చేయకుండా మిగతావి ఏం చేసినా బాకీ మళ్లీ పేరుకుంటుంది.

తర్వాత బాకీని తక్కువ వడ్డీకి మార్చండి. బ్యాంకు యాప్‌లోనే బిల్లును ఈఎంఐగా మార్చుకునే వీలు ఉంటుంది. రూ.62,000ను ఏడాదికి 16 శాతం మీద 12 నెలలకు మార్చితే నెలకు రూ.5,625. పైన రెండో పద్ధతిలో వచ్చిన మినిమమ్ డ్యూ రూ.5,626. నెలకు కట్టే డబ్బు దాదాపు ఒకటే. తేడా ఏమిటంటే ఈఎంఐలో పన్నెండో నెలకు బాకీ సున్నా అవుతుంది. అసలు పైన మొత్తం వడ్డీ సుమారు రూ.5,500, దాని మీద జీఎస్టీ దాదాపు వెయ్యి, ప్రాసెసింగ్ ఫీజు అదనం.

మార్చే ముందు మూడు సంగతులు అడగండి: ప్రాసెసింగ్ ఫీజు ఎంత, ముందే తీర్చేస్తే రుసుము ఎంత, బిల్లులో ఏ భాగం మారుతోంది. కార్డుతో ఏటీఎంలో తీసిన నగదు, బంగారం కొనుగోళ్లు చాలా చోట్ల ఈఎంఐకి మారవు. మారని భాగాన్ని విడిగా కట్టేయకపోతే దాని మీద 42 శాతం నడుస్తూనే ఉంటుంది. ఈఎంఐ కిస్తు ప్రతి నెలా మినిమమ్ డ్యూలో పూర్తిగా చేరుతుందని గుర్తుంచుకోండి.

ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో గోల్డ్ లోన్ తీసుకుని కార్డు తీర్చడం ఇంకా చౌక. మనవాళ్లు కార్డు బాకీ కోసం నగ తాకట్టు పెట్టడాన్ని నామోషీగా భావిస్తారు. వడ్డీ పరంగా చూస్తే మాత్రం, కార్డు రేటులో మూడో వంతుకో అంతకన్నా తక్కువకో దొరికే అప్పును పక్కన పెట్టి కార్డు వడ్డీ కట్టడమే నష్టం. ఒకే షరతు, నగ విడిపించే తేదీ ముందే అనుకోవాలి.

ఒక కార్డు మీద నగదు తీసి ఇంకో కార్డు కట్టే పని మాత్రం చేయొద్దు. నగదుకు వడ్డీ లేని గడువు ఒక్కరోజు కూడా ఉండదు, పైగా తీసినందుకు సాధారణంగా రెండున్నర శాతం చుట్టూ రుసుము పడుతుంది.

ఇంత వడ్డీకి చట్టంలో పరిమితి లేదా?

ఇప్పుడు లేదు. జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో క్రెడిట్ కార్డు మీద ఏడాదికి 30 శాతం మించి వడ్డీ తీసుకోకూడదని తీర్పు ఇచ్చింది. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. వడ్డీ ఎక్కువ ఉందన్న ఒక్క కారణంతో వేసే ఫిర్యాదు నిలబడటం కష్టం. తేదీలు తప్పుగా లెక్కించడం, చెప్పని రుసుము వేయడం, కట్టిన డబ్బు జమ చేయకపోవడం వంటివాటి మీద ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా cms.rbi.org.in లో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు.

ఈ నెల మినిమమ్ కూడా కట్టలేకపోతే?

డ్యూ డేట్ దాటాక మూడు రోజుల వరకు లేట్ ఫీజు వేయకూడదు, బ్యూరోకు బకాయిగా పంపకూడదు. ఆ మూడు రోజుల్లో మినిమమ్ అయినా సర్దగలరేమో చూడండి. దాటితే లేట్ ఫీజు, దాని మీద జీఎస్టీ, వడ్డీ మూడూ కలుస్తాయి. మినిమమ్ డ్యూ 90 రోజులు దాటి కట్టకపోతే ఖాతా మొండి బాకీగా మారుతుంది, ఆ మచ్చ క్రెడిట్ రిపోర్టులో ఏళ్ల తరబడి ఉంటుంది. డ్యూ డేట్‌కు ముందే బ్యాంకుకు ఫోన్ చేసి బాకీ మొత్తాన్ని ఈఎంఐగా మార్చమని అడగండి, ఆ మాటను ఈమెయిల్‌లో కూడా రాసి పంపండి. ఖాతా ఇంకా సక్రమంగా ఉన్నప్పుడు బ్యాంకు ఒప్పుకునే రేటు, రెండు నెలలు ఎగ్గొట్టాక దొరకదు.